ఇద్దరి సగటు

అరకు కొండల్లో కాఫీ రైతులతో పనిచేసే మా సంస్థలో ఏం జరిగిందో రాద్దామని కూర్చుంటే, తప్పును ఫారం మీదకో, ఫారం తెచ్చిన శిక్షకుడి మీదకో నెట్టేయడం ఎంత సులువో అర్థమైంది. ఫారం బాగానే ఉంది. శిక్షకుడు చెప్పవలసినవన్నీ చెప్పాడు. వినిపించుకోనిది మేం. మేం అంటే ఎవరో కూడా చెప్పాలి. విశాఖపట్నం ఆఫీసులో కూర్చుని నిర్ణయాలు చేసే కొద్దిమందిమి, మండల కేంద్రాల్లో ఉంటూ ఆ నిర్ణయాలకు తలలూపిన మరికొందరం. అందులో ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అని పంచుకోబోతే ఈ వ్యాసం కూడా ఇంకో మార్కుల పట్టీ అవుతుంది. కాబట్టి అందరం అనే అంటాను.

మేం చేయబోయిన పని పేరు 360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్. ఒక మనిషి పనితీరు గురించి అతని పై అధికారిని ఒక్కరినే అడగకుండా, పక్కన పనిచేసేవాళ్ళను, కింద పనిచేసేవాళ్ళను కూడా అడుగుతారు. తన గురించి తననూ రాయమంటారు. పైవాడికి కనిపించేది కిందివాడికి కనిపించదు, కిందివాడికి తెలిసేది పైవాడి దాకా రాదు గనుక అందరి చూపూ కలిపితే మనిషి నిండుగా కనిపిస్తాడని ఆలోచన. ఆలోచనలో తప్పేం లేదు. అంతకు ముందు మా దగ్గర ఉన్న పద్ధతి ఏమిటంటే, మండల ఇన్‌చార్జి ఏడాదికోసారి ఒక కాగితం మీద నాలుగు గీతలు గీసి పంపేవాడు. సూపర్‌వైజర్ భవిష్యత్తు ఆ గీతల మీద ఆధారపడేది. కింద పనిచేసే కుర్రాళ్ళను, అమ్మాయిలను ఎవరూ ఏమీ అడగలేదు. అడుగుదామనుకున్నాం. అడిగాం కూడా. అడిగాక వచ్చిన జవాబులను ఎలా అప్పగించాలో మాత్రం ఒక్క పూటైనా ఆలోచించలేదు.

ఈ కొండల్లో పని ఎలా సాగుతుందో కొంచెం చెబితే గానీ మా తప్పు అంతుబట్టదు. అరకులోయ, డుంబ్రిగుడ, హుకుంపేట మండలాల్లో కాఫీ తోట అంటే సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల మధ్య ఒక కుటుంబానికి ఎకరమో రెండెకరాలో. నవంబరు నుంచి పండ్లు కోతకు వస్తాయి. కోసిన పండును ఆ రోజే పల్పింగ్‌కు చేర్చాలి. రాత్రంతా బస్తాలో ఉండిపోతే లోపల పులిసి, గింజకు వాసన పట్టేస్తుంది. దాన్ని తర్వాత ఎంత కడిగినా, ఎంత ఎండబెట్టినా పోదు. అందుకని కోత రోజుల్లో సూపర్‌వైజర్ కింద ఉండే క్షేత్ర సిబ్బంది పొద్దున్నే ఊళ్ళకు నడిచి, ఏ తోటలో ఎంత కోస్తున్నారో చూసి, సాయంత్రానికి జీపు ఎక్కడికి రావాలో చెప్పాలి. ఒక సూపర్‌వైజర్ కింద ఇలాంటివాళ్ళు ఇద్దరో, మహా అయితే ముగ్గురో. ఆ ఇద్దరూ ముగ్గురూ ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. సూపర్‌వైజర్ కూడా అక్కడివాడే. ఒకరికొకరు వరసలు కలుస్తాయి. ఒకరు బావమరిది అవుతాడు, ఇంకొకరు మేనమామ కూతురు అవుతుంది. ఆఫీసు చార్టులో పైనా కిందా ఉన్నవాళ్ళు, పెళ్ళి పందిట్లో ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు.

నగరంలో నాలుగు వందల మంది పనిచేసే కంపెనీలో తయారైన పద్ధతిని ఇద్దరేసి మనుషులున్న చోటికి మోసుకొచ్చాం. మా తప్పుల్లో పెద్దది అదే. మిగతావి దాని పిల్లలు.

ముందు సేకరణ దగ్గరే చెడగొట్టాం. ఫారం ఫోన్లో నింపాలన్నాం. చాలా ఊళ్ళలో సిగ్నల్ ఉండదు. అందుకని నెలవారీ సమావేశానికి మండల ఆఫీసుకు వచ్చినప్పుడు నింపితే సరిపోతుందన్నాం. ఆ ఆఫీసు రెండు గదుల ఇల్లు. ఒక గదిలో కాఫీ బస్తాలు, రెండో గదిలో సూపర్‌వైజర్ కుర్చీ. సూపర్‌వైజర్ గురించి సూపర్‌వైజర్ గదిలో, అతను వరండాలో టీ తాగుతుండగా రాయమన్నాం. పైగా పేర్లు ఎవరికీ తెలియవని హామీ ఇచ్చాం. పేర్లు మా కంప్యూటర్లో లేని మాట నిజమే. ఎవరు ఎంతసేపు లోపల కూర్చున్నారో వరండాలో ఉన్నవాడికి తెలుసు. తొందరగా బయటికొచ్చినవాడు అన్నిటికీ అయిదు కొట్టి వచ్చాడని, ఆలోచిస్తూ కూర్చున్న అమ్మాయి ఏదో రాసిందని అతనికి అప్పుడే తట్టింది.

ప్రశ్నలు కూడా అలాగే ఏడ్చాయి. మీ సూపర్‌వైజర్‌కు నాయకత్వ లక్షణాలు ఉన్నాయా, చొరవ ఉందా, జట్టుస్ఫూర్తి ఉందా అని అడిగాం. ఇంట్లో ఆదివాసీ ఒడియానో కువి భాషో మాట్లాడుకునేవాళ్ళకు ఆ తెలుగు పాఠ్యపుస్తకంలా ఉందన్నది ఒక సంగతి. తెలుగు బాగా వచ్చినవాళ్ళకు కూడా ఆ ప్రశ్న మనిషి స్వభావం మీద తీర్పు చెప్పమన్నట్టే ఉంది. కోత రోజుల్లో ఫోన్ చేస్తే ఎత్తుతాడా, రైతు ముందు మిమ్మల్ని కసురుతాడా, తప్పు తనదైనప్పుడు ఒప్పుకుంటాడా అని అడిగి ఉంటే చూసినది చూసినట్టు చెప్పేవాళ్ళు. అలా వచ్చిన జవాబును విన్నవాడు కూడా రేపటి నుంచి ఏదో ఒకటి మార్చుకోగలడు. చొరవకు రెండు మార్కులు వచ్చాయంటే ఏం మార్చుకోవాలి?

ఇక ఫలితాల రోజు. మూడు మండలాల సిబ్బందినీ ఒక హాల్లో కూర్చోబెట్టి గోడ మీద ప్రొజెక్టర్ వేశాం. సూపర్‌వైజర్ల పేర్లు వరుసగా, పక్కన మార్కులు, మార్కులను బట్టి పచ్చ, పసుపు, ఎరుపు గళ్ళు. దాచిపెట్టకుండా అందరి ముందూ ఉంచడమే న్యాయమని మాకు అనిపించింది. గుట్టుగా గీతలు గీసే పాత పద్ధతి మీద మాకున్న కోపం, మమ్మల్ని సరిగ్గా దానికి ఎదురు చివరకు తోసింది. ఎర్ర గడిలో పేరున్నవాడు తన కింది మనుషుల పక్కనే కూర్చుని ఉన్నాడు. భోజనాల వేళకు హాల్లో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. దాన్ని మేం గంభీరంగా ఆలోచించుకుంటున్నారనుకున్నాం. మినిట్స్‌లో కూడా అలాగే రాశాం.

ఇక్కడ ఒక సూపర్‌వైజర్ నివేదికను విప్పి చూపించాలి. మనిషిని గుర్తుపట్టకుండా అంకెలు మార్చాను, లెక్క తీరు మాత్రం జరిగినదే. అతని గురించి ఆరుగురు రాశారు. పై అధికారి ఒకరు, సాటి సూపర్‌వైజర్లు ముగ్గురు, క్షేత్ర సిబ్బంది ఇద్దరు. మార్కులు ఒకటి నుంచి అయిదు. ఏ వర్గంలోనైనా ముగ్గురికన్నా తక్కువ మంది ఉంటే ఆ వర్గం మార్కు విడిగా చూపించకూడదని శిక్షకుడు చెప్పాడు. ఇది ఈ రంగంలో చాలామంది పాటించే నియమమే. పై అధికారి మార్కు ఎలాగూ అందరికీ తెలిసేదే కాబట్టి దానికి ఈ నియమం వర్తించదు. మేం నియమాన్ని అక్షరాలా పాటించాం. క్షేత్ర సిబ్బంది గడి ఖాళీగా వదిలి, తగినంత మంది లేరని రాశాం. పై అధికారి 4 అని చూపించాం. సాటివాళ్ళ సగటు 4 అని చూపించాం. అడుగున, నిండుగా ఉంటుందని, మొత్తం సగటు 3.5 అని వేశాం.

ఆ అడుగు గడే కొంప ముంచింది. ఆరుగురికి 3.5 అంటే మొత్తం 21. సాటివాళ్ళు ముగ్గురూ కలిసి 12. పై అధికారి 4. ఇరవై ఒకటిలోంచి పదహారు తీస్తే మిగిలింది 5. అంటే క్షేత్ర సిబ్బంది ఇద్దరూ కలిసి ఇచ్చింది అయిదు. ఒక్కొక్కరికి రెండున్నర. ఇద్దరిలో ఒకడు అతని బావమరిది. ఆ సాయంత్రమే, అడగకుండానే, నేను నాలుగు ఇచ్చాను బావా అని చెప్పేశాడు. అయిదులోంచి నాలుగు తీస్తే ఒకటి. ఆ ఒకటి ఎవరిదో తెలుసుకోవడానికి మా సర్వర్ పాస్‌వర్డు అక్కర్లేదు. ఫోన్లో ఉన్న కాలిక్యులేటర్ చాలు, నిజానికి అదీ అక్కర్లేదు. తూకం దగ్గర రైతు లెక్కలో పావు కిలో తేడా పట్టుకునే మనిషి ఈ తీసివేత చేయలేడనుకున్నాం చూడండి, మా అహంకారం అక్కడ ఉంది.

గడి దాచితే మనిషి దాగడు. దాచిన గడిని మిగతా గడుల్లోంచి తిరిగి రాబట్టే వీలు లేకుండా చేస్తేనే దాచినట్టు. చేయవలసింది చిన్నదే. ఏదైనా ఒక వర్గాన్ని దాచినప్పుడు మొత్తం సగటును కూడా తీసేయాలి. లేదంటే క్షేత్ర సిబ్బంది ఇద్దరినీ సాటివాళ్ళతో కలిపి, పై అధికారి కాక ఇతరులు అయిదుగురు అని ఒకే గడిగా చూపాలి. దాంతో కింది గొంతు కొంత పలచబడుతుంది, అది నష్టమే. అయినా ఆ గొంతు ఎవరిదో బయటపడడం కన్నా మేలు. నివేదిక ఇచ్చే ముందు మాలో ఒకరు ఆ సూపర్‌వైజర్ స్థానంలో కూర్చుని, నాకు ఎవరు ఏం ఇచ్చారో కనిపెట్టగలనా అని అయిదు నిమిషాలు ప్రయత్నించి ఉంటే బయటపడేది. ఆ అయిదు నిమిషాలు కూర్చోలేదు.

అంకెలు చాలవన్నట్టు వ్యాఖ్యలను రాసినవి రాసినట్టు అచ్చు వేసి ఇచ్చాం. మార్చితే నిజాయితీ పోతుందని వాదించుకున్నాం. అతని నివేదికలో ఒక వాక్యం ఉంది. పండ్లు బస్తాల్లో ఉండిపోయిన రాత్రి జీపు పంపమని ఎన్నిసార్లు అడిగినా పంపలేదు, మర్నాడు రైతు నన్ను తిట్టాడు అని. అలాంటి రాత్రి ఆ సీజన్లో అతని పరిధిలో ఒక్క ఊళ్ళోనే వచ్చింది. ఆ ఊరు చూసే మనిషి ఒక్కతే. లెక్కలో మిగిలిన ఆ ఒకటికి ఇక్కడ పేరు, ఊరు కూడా దొరికాయి.

తర్వాత జరిగినవి ఏ ఒక్కటీ ఫిర్యాదు చేయదగినంత పెద్దవి కావు. ఆమెను ఎవరూ తిట్టలేదు. అరకు వెళ్ళే జీపులో చోటు లేదనడం మొదలైంది. దూరపు ఊళ్ళు ఆమె వంతుకు వచ్చాయి. శిక్షణకు పంపే పేర్లలో ఆమె పేరు రాలేదు. ఊళ్ళో వరసైనవాళ్ళు పలకరింపు తగ్గించారు. ఇంటి మనిషి మీద కాగితం రాసిందట అన్న మాట పాకింది. తర్వాతి సీజన్ రాకముందే పని మానేసింది. వెళ్ళేముందు మా ఆఫీసుకు వచ్చి, మీరు పేర్లు తెలియవన్నారు కదా సార్ అంది. మేం ఇచ్చిన జవాబు, పేర్లు మేం ఇవ్వలేదమ్మా అని. అక్షరాలా నిజమైన ఆ జవాబంత సిగ్గుమాలిన మాట మేం ఇంకోటి అనలేదు.

ఆ సూపర్‌వైజర్‌ను విలన్‌ను చేయడం కూడా అన్యాయమే. అతను తనకు తాను నాలుగున్నర వేసుకున్నాడు. దాని పక్కన గోడ మీద ఎర్ర గడి చూశాడు, తన పిల్లలకు పాఠం చెప్పే మాస్టారి తమ్ముడు కూడా ఆ హాల్లోనే ఉన్నాడు. మనిషి అలాంటప్పుడు జీపు గురించి ఆలోచించడు, పరువు గురించి ఆలోచిస్తాడు. ఎవడు రాశాడు అన్న ప్రశ్న తప్ప ఇంకో ప్రశ్న పుట్టే సందు మేం వదల్లేదు.

ఇదంతా ఈ రంగంలో ఎప్పుడో తేలిన విషయం. అవ్రహం క్లూగర్, ఆంజెలో డెనిసి అనే ఇద్దరు పరిశోధకులు ఫీడ్‌బ్యాక్ మీద దశాబ్దాలుగా జరిగిన ప్రయోగాలను క్రోడీకరించి 1996లో ఒక సమీక్ష అచ్చువేశారు. సగటున ఫీడ్‌బ్యాక్ వల్ల పని మెరుగుపడుతుందని తేలింది. అయితే మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో పని అంతకుముందుకన్నా దిగజారింది. చెప్పిన మాట చేసే పని మీద నిలిచినంతసేపు ఉపయోగం, అది మనిషి తన విలువ గురించి తాను ఆలోచించుకునే వైపు మళ్ళితే ప్రభావం తగ్గుతుంది అన్నది వాళ్ళ వివరణ. చొరవకు రెండు అనీ, వరుసలో ఆఖరు అనీ చెప్పడం సరిగ్గా ఆ రెండో దారి.

ఇంకోటి కూడా ఉంది. 2000లో స్కల్లెన్, మౌంట్, గాఫ్ అనే ముగ్గురు వేలాది మేనేజర్లకు పడిన మార్కులను విడదీసి చూస్తే, మార్కుల్లో కనిపించే తేడాల్లో సగానికి పైగా మార్కు వేసినవాడి సొంత తీరు వల్ల వచ్చినవే. కొందరు చెయ్యి జారవిడుస్తారు, కొందరు బిగబడతారు. పదిమంది వేస్తే ఈ తీరులు ఒకదానికొకటి సర్దుకుంటాయి. ఇద్దరు వేస్తే సర్దుకోవు. కాబట్టి ముగ్గురి నియమం గోప్యత కోసం మాత్రమే కాదు. ఇద్దరి మార్కులు కూడా కలిసిన సగటును మేం దశాంశ బిందువుతో సహా గోడ మీద వేస్తే, అందులో సూపర్‌వైజర్ ఎంత ఉన్నాడో, బావమరిది మొహమాటం ఎంత ఉందో విడదీసే దారి లేదు. ఆ బిందువు తర్వాతి అంకెను చూసే ఒకరిని పైకి, ఒకరిని కిందికి నెట్టాం.

మన ప్రభుత్వంలో ఈ కథ రెండో కొస నుంచి నడిచింది. సరిహద్దు రోడ్ల సంస్థలో ఇంజినీరైన దేవ్‌దత్‌కు ఒక ఏడాది గోప్య నివేదికలో బాగుంది అని మాత్రమే రాశారు. పదోన్నతికి చాలా బాగుంది కావాలి. ఆ రాత సంగతి అతనికి చెప్పనే లేదు. 2008లో సుప్రీంకోర్టు, చెడు రాతే కాదు, ఏ రాతనైనా ఉద్యోగికి తెలియజేయాల్సిందేనని తీర్పు ఇచ్చింది. మరుసటి ఏడాది కేంద్ర సిబ్బంది శాఖ వార్షిక నివేదిక మొత్తాన్ని ఉద్యోగికి చూపించాలని ఉత్తర్వు వేసింది. ఆ తర్వాత కొన్నేళ్ళకు ఢిల్లీలో పెద్ద పదవులకు అధికారులను ఎంపిక చేసేటప్పుడు పై, పక్క, కింది వాళ్ళను వాకబు చేసే 360 డిగ్రీల పద్ధతి వచ్చింది. 2017లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని పారదర్శకత లేని పద్ధతి అని తప్పుపట్టింది. అక్కడ మనిషికి తన గురించి ఏమన్నారో తెలియకపోవడం నేరమైతే, ఇక్కడ మేం అతని గురించి అన్నది ఊరందరికీ తెలిసేలా చేశాం. రాత అతనికి తెలియాలి, అతనికే తెలియాలి, రాసినవాళ్ళు ఎవరో తెలియకూడదు. ఈ మూడూ ఒకేసారి కుదరాలి. మేం మొదటిది ఒక్కటే పట్టుకుని మిగతా రెండూ వదిలేశాం.

ఇంకో మాట దాచితే ఈ ఒప్పుకోలు అబద్ధమవుతుంది. ఇది ఎదుగుదల కోసమే, ఉద్యోగాలకూ దీనికీ సంబంధం లేదని మొదట్లో చెప్పాం. మార్చి వచ్చేసరికి కాంట్రాక్టుల పొడిగింపు జాబితా తయారు చేస్తూ ఆ మార్కులను పక్కన పెట్టుకున్నాం. ఎదురుగా అంకె ఉంటే చూడకుండా ఉండలేకపోయాం. ఎవరో ఒకరు అడ్డుచెప్పాల్సింది. ఎవరూ చెప్పలేదు. మరుసటి ఏడాది ఫారాలు వచ్చినప్పుడు దాదాపు అందరికీ నాలుగో, అయిదో పడ్డాయి. వ్యాఖ్యల గడిలో బాగున్నారు అన్న ఒక్క మాట. విశాఖపట్నంలో మాలో ఒకరు, చూశారా ఎంత మెరుగైందో అన్నారు. మార్కులన్నీ ఒక్కసారిగా పైకి పోయి ఒకచోట కుప్పపడితే, వ్యాఖ్యలు కురచబడితే, మనుషులు మారారని కాదు, చెప్పడం మానేశారని అర్థం. ఆ గుర్తు పట్టడానికి మాకు ఇంకో ఏడాది పట్టింది.

ఇప్పుడు ఎలా చేస్తున్నామో చెప్పాలి. దీన్ని గొప్పగా చెప్పుకోవడానికి లేదు, ఎందుకంటే ఇందులో ప్రతిదీ మొదటి రోజే శిక్షకుడి చేతి రాతలో మా దగ్గర ఉంది.

అదే సూపర్‌వైజర్‌ను తీసుకుందాం. అతని నివేదికలో ఇప్పుడు మొత్తం సగటు లేదు, వరుసలో ఎన్నో స్థానం అన్నది లేదు, రంగులు లేవు. కింద ఇద్దరే ఉన్నచోట మార్కులు అడగడమే మానేశాం. వాళ్ళ దగ్గరికి వేరే మండలం నుంచి ఆదివాసీ ఒడియా మాట్లాడే మనిషి సంత రోజునో, తోటలోనో వెళ్ళి మాట్లాడతాడు. చుట్టుపక్కల నాలుగైదు జట్ల వాళ్ళు చెప్పినవి కలిపి, ఈ ప్రాంతంలో క్షేత్ర సిబ్బంది సూపర్‌వైజర్ల నుంచి కోరుతున్నవి ఇవి అని ఒక పుట రాస్తాడు. ఏ సంఘటనా, ఏ ఊరూ, ఏ రాత్రీ అందులో ఉండవు. జీపు రాని రాత్రి అన్న వాక్యం, కోత రోజుల్లో బండి కోసం అడిగినప్పుడు అవుననో కాదనో వెంటనే జవాబు రావడం లేదు అన్న మాటగా మారుతుంది. మాటలో పదును తగ్గుతుంది, సమాచారం మిగులుతుంది. మార్చితే నిజాయితీ పోతుందన్న మా పాత వాదన, రాసినవాళ్ళను పణంగా పెట్టి మేం చూపించుకున్న నిజాయితీ.

నివేదికను అతని పై అధికారి చేత ఇప్పించం. జీతం, కాంట్రాక్టు చేతిలో ఉన్న మనిషి ఎదురుగా కూర్చుంటే వినేవాడు సంజాయిషీ వెతుక్కుంటాడు. బయటి మనిషి ఒకరు విడిగా కూర్చుంటారు. ముందు అతను తన గురించి తాను రాసుకున్నది చదివి, ఇందులో ఏది అవతలివాళ్ళు ఒప్పుకోరని నీకు అనిపిస్తోంది అని అడుగుతారు. ఈ ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా పని చేస్తుంది. ఊహించని చెడు మాటే మనిషిని ఎక్కువ నొప్పిస్తుంది, తానే ఊహించి చెప్పుకున్నది అంతగా నొప్పించదు. ఆ తర్వాత కాగితం అతని చేతికిచ్చి ఇంటికి పంపిస్తారు. ఆ రోజు చర్చ ఉండదు. రెండు మూడు రోజులకు మళ్ళీ కూర్చుంటారు. ఆ మధ్యలో మొదటి కోపం కొంత దిగుతుంది, దాంతో రెండో సమావేశంలో ఎవరన్నారు అనే ప్రశ్న తగ్గి ఎప్పుడు అలా చేశాను అనే ప్రశ్న వస్తుంది. రాకపోతే ఇంకోసారి కూర్చుంటారు. మంచి మాటలను తీపి పూతలా ముందు పెట్టి వెనక చేదు ఇవ్వడం మానేశాం. రెండో సారికే అందరికీ ఆ క్రమం తెలిసిపోయి, మెచ్చుకోలు వినగానే బిగుసుకుపోతున్నారు. మంచి మాట ఏ పనికి వచ్చిందో ఆ పని పక్కనే చెబుతున్నాం.

అన్నిటికన్నా కష్టమైనది ఆ తర్వాతి అడుగు. అతను తన కింది ఇద్దరితో కూర్చుని, నాకు తెలిసింది ఇదీ, ఇందులో ఈ ఒక్కటి ఈ సీజన్లో మారుస్తాను, మీరు గమనించండి అని నోటితో చెప్పాలి. వాకర్, స్మిదర్ అనే ఇద్దరు అమెరికాలో ఒక బ్యాంకు మేనేజర్లను అయిదేళ్ళు గమనించి 1999లో రాసిన అధ్యయనం ఉంది. కిందివాళ్ళిచ్చిన ఫలితాలను తిరిగి వాళ్ళతోనే కూర్చుని మాట్లాడినవాళ్ళు, మాట్లాడనివాళ్ళకన్నా ఎక్కువ మెరుగుపడ్డారు. ఒకే మేనేజర్ కూడా మాట్లాడిన ఏడాది ఎక్కువ, మాట్లాడని ఏడాది తక్కువ మెరుగుపడ్డాడు. మా సూపర్‌వైజర్లలో కొందరు ఈ అడుగు వేశారు, కొందరు వేయలేదు. వేయనివాళ్ళను బలవంతపెట్టడం లేదు. బలవంతంగా చెప్పించిన మాట విన్నవాళ్ళు దాన్ని శిక్షగా చూశారు, ఆ శిక్షకు కారణం తామేనని భయపడ్డారు.

ఇదంతా అతని సంగతి. మా సంగతి ఇంకా రాలేదు.

ఆ జీపు ఎందుకు రాలేదో మేం చాలా ఆలస్యంగా అడిగాం. ఆ రాత్రి అతను ఫోన్ చేశాడు. మండల ఇన్‌చార్జికి చేశాడు. ఇన్‌చార్జి విశాఖపట్నానికి చేశాడు. ఆ నెల డీజిల్‌కు కేటాయించిన డబ్బు అయిపోయింది, పై నుంచి అనుమతి లేకుండా అద్దె జీపు పెట్టకూడదని నియమం. నియమం మాది. అనుమతి ఇవ్వాల్సిన మనిషి ఆ రాత్రి ఫోన్ ఎత్తలేదు, ఆ మనిషి మాలో ఒకరు. సూపర్‌వైజర్ ఇవేవీ తన కింది అమ్మాయికి చెప్పలేదు. పైవాళ్ళను తక్కువ చేసి మాట్లాడకూడదని నేర్చుకున్నాడు, నేర్పింది మేమే. ఆమె చూసినది చూసినట్టు రాసింది, జీపు రాలేదని. అది అతని మార్కుగా మారింది. ఎర్ర గడి అతని పేరు పక్కన పడింది.

వ్యాఖ్యలన్నిటినీ మనుషుల వారీగా కాక విషయాల వారీగా పేర్చి చూసినప్పుడు, సగానికి సగం ఇలాంటివే తేలాయి. బండి, తూకం యంత్రం, రైతుకు డబ్బు పడడంలో ఆలస్యం, సమావేశాలకు వచ్చిన రోజు కూలి. ఒక మనిషి స్వభావం గురించి అడిగిన ఫారంలో జనం సంస్థ గురించి చెప్పారు, వేరే ఫారం మేం ఎప్పుడూ ఇవ్వలేదు గనుక. ఒకే ఫిర్యాదు నలుగురు సూపర్‌వైజర్ల నివేదికల్లో కనిపిస్తే అది ఆ నలుగురి తప్పు కాదు, వాళ్ళ పైన ఉన్న చోటిది. నివేదికలు పంచక ముందే ఆ పేర్పు చేసి, ఆ పుట మా మీద మేం రాసుకుని, ముందు మాది చదివి ఆ తర్వాత వాళ్ళవి ఇచ్చి ఉండాల్సింది. ఆ రోజు గోడ మీద విశాఖపట్నం ఆఫీసులో ఉన్న మాలో ఎవరి పేరూ లేదు. మా గురించి ఎవరినీ అడగలేదు కాబట్టి లేదు.

అడగకపోవడానికి మేం చెప్పుకున్న కారణం, ముందు కింద నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా పైకి వెళ్దామని. ఆ పై ఇప్పటికి ఒక మెట్టు మాత్రమే వచ్చింది. మండల ఇన్‌చార్జుల దాకా చేశాం. అద్దె జీపుకు అనుమతి ఇచ్చే అధికారం మాత్రం సూపర్‌వైజర్లకే ఇచ్చేశాం. కోత రోజుల్లో, ఒక పరిమితి లోపల, ఎవరినీ అడగక్కర్లేదు. దానికి ఏ ఫీడ్‌బ్యాక్ పద్ధతీ అక్కర్లేకపోయింది, ఒక ఉత్తర్వు సరిపోయింది. ఆ అమ్మాయి ఇప్పుడు వేరే చోట పనిచేస్తోంది. ఆమె చేత ఆ వాక్యం రాయించిన కారణం మాదని, ఆ వాక్యం ఆమెను పట్టిచ్చేలా అచ్చు వేసిందీ మేమేనని ఆమెకు ఇంతవరకూ ఎవరం చెప్పలేదు. ఈ ఏడాది అడగబోయే పేర్ల జాబితాలో మా డైరెక్టర్ పేరు మొదట రాశాం. దాని మీద సంతకం ఇంకా కాలేదు.